90వ పర్సంటైల్ కోసం ఎంతమందిని కొలవాలి, డేటా నార్మల్ కాకపోతే?

ప్రశ్న: బెంగళూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్ క్వాలిటీ టీమ్‌లో పనిచేస్తున్నా అండి. జనరల్ మెడిసిన్ ఓపీలో పేషెంట్ టోకెన్ తీసుకున్న దగ్గర్నుంచి డాక్టర్ గదిలోకి వెళ్లేదాకా ఎంతసేపు ఆగుతున్నాడో చెప్పాలి, మీడియన్ ప్లస్ ఆర్ మైనస్ 5 నిమిషాల్లో, 90వ పర్సంటైల్ ప్లస్ ఆర్ మైనస్ 10 నిమిషాల్లో. మూడు రోజులు, రోజుకి 20 మంది చొప్పున 60 మందిని కొలిచాం. మీడియన్ 34 నిమిషాలు, చిన్న నుంచి పెద్దకి పేరిస్తే 25వ విలువ 29, 34వ విలువ 39. చివరి పన్నెండు ఇవి: 68, 71, 74, 78, 83, 88, 94, 101, 110, 124, 155, 210. స్టాండర్డ్ డీవియేషన్ 35 వేసి ఎక్సెల్ టెంప్లేట్‌లో పెడితే శాంపిల్ సైజ్ 48 అంటోంది. ఇది నమ్మొచ్చా? మన డేటా అసలు నార్మల్‌లా లేదు.

సమాధానం:

48 నమ్మొద్దండి. ఆ టెంప్లేట్‌లో ఉన్నది `(1.96*35/10)^2`, అది సగటుకి సంబంధించిన లెక్క. సగటు పది నిమిషాల తేడాలో తెలియాలంటే 48 మంది చాలేమో, మీరు అడిగింది సగటు కాదు కదా. క్వాలిటీ డిపార్ట్‌మెంట్లలో ఈ టెంప్లేట్ ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, ఏ ప్రశ్నకైనా అదే వాడేస్తారు, నేను పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నా.

పర్సంటైల్‌కి స్టాండర్డ్ డీవియేషన్ అక్కర్లేదు, నార్మల్ అనుకోవాల్సిన పనీ లేదు. ఎందుకో ముందు మీడియన్‌తో చూద్దాం. అసలు మీడియన్ ఎంతో మనకి తెలీదు, కానీ ఎంతైనా సరే, ర్యాండమ్‌గా పట్టుకున్న పేషెంట్ దానికి కింద ఉండే ఛాన్స్ సగం, పైన ఉండే ఛాన్స్ సగం. అంటే బొమ్మా బొరుసే. ఆరుగురిని కొలిచామనుకోండి, ఆరుగురూ మీడియన్‌కి పైనే పడటమో లేదా ఆరుగురూ కిందే పడటమో జరగాలంటే ఛాన్స్ 64లో 2, అంటే 3.1 శాతం. అలా జరగనంతవరకూ ఆ ఆరింట్లో చిన్నదానికీ పెద్దదానికీ మధ్యలోనే అసలు మీడియన్ ఉంటుంది. కాబట్టి కేవలం ఆరుగురితో 96.9 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వచ్చేసింది, డేటా ఏ షేప్‌లో ఉన్నా సరే. ఐదుగురైతే 93.75 దగ్గర ఆగిపోతుంది, అందుకే 95 శాతం కావాలంటే ఆరు కన్నా తక్కువతో కుదరదు. ఆ ఇంటర్వల్ వెడల్పుగా ఉంటుంది, పనికిరాకపోవచ్చు, అది వేరే విషయం. షేప్ తెలీకుండానే గ్యారంటీ ఇవ్వగలిగాం అన్నది ఇక్కడ పాయింట్.

90వ పర్సంటైల్ కూడా ఇదే ఆట, కాకపోతే నాణెం వంకరది. ప్రతి పేషెంట్ అసలు 90వ పర్సంటైల్‌కి కింద ఉండే ఛాన్స్ 0.9. మీ 60 మందిలో కింద ఎంతమంది ఉన్నారన్నది బైనామియల్. ఆ సంఖ్య ఎంత నుంచి ఎంత దాకా ఊగుతుందో చూసుకుంటే ఏ ర్యాంక్ నుంచి ఏ ర్యాంక్ దాకా ఇంటర్వల్ తీసుకోవాలో తెలిసిపోతుంది. ఎక్సెల్‌లోనే చేసుకోవచ్చు:

```
=BINOM.INV(60, 0.9, 0.025)
=BINOM.INV(60, 0.9, 0.975)+1
=BINOM.DIST(58,60,0.9,TRUE)-BINOM.DIST(48,60,0.9,TRUE)
```

మొదటి దానికి 49 వస్తుంది, రెండో దానికి 59, మూడోది ఆ ఇంటర్వల్ నిజమైన కాన్ఫిడెన్స్, 0.97. సరిగ్గా 0.95 రాదు, ఎందుకంటే ర్యాంకులు పూర్ణ సంఖ్యలు, 49.4వ పేషెంట్ అంటూ ఎవరూ ఉండరు. ఇప్పుడు మీ లిస్టులో 49వ విలువ 68, 59వ విలువ 155. అంటే 60 మందితో మీరు చెప్పగలిగింది ఇంతే: 90వ పర్సంటైల్ 68 నిమిషాలకీ 155 నిమిషాలకీ మధ్య ఎక్కడో ఉంది. పాయింట్ ఎస్టిమేట్ 88 అని రిపోర్టులో రాస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ దాని వెనకాల ఉన్న అనుమానం ఇంత. 60 మందికే ఇలా ఉంటే ఆ 48 సంగతి మీరే ఊహించుకోండి. ఇంకోటి చూశారా, 88 నుంచి కిందకి 20 నిమిషాలు, పైకి 67 నిమిషాలు. ప్లస్ ఆర్ మైనస్ అని ఒకే సంఖ్య చెప్పే అలవాటు ఇక్కడ పనిచేయదు, డేటా తోక పైకి సాగినప్పుడు ఇంటర్వల్ కూడా పైకే సాగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎంతమంది కావాలి. ఇక్కడ చాలామంది తికమక పడేది ఏంటంటే, బైనామియల్ మనకి ర్యాంకుల్లో ఖచ్చితత్వం ఇస్తుంది, నిమిషాల్లో ఇవ్వదు. ర్యాంకుల్లో అయితే ఫార్ములా చాలా సింపుల్:

```
n = 1.96^2 * p*(1-p) / d^2
```

`p` అంటే ఏ పర్సంటైల్ అన్నది, `d` అంటే ఆ పర్సంటైల్ చుట్టూ ఎంత జారినా పర్వాలేదు అన్నది. మీడియన్‌ని 45వ, 55వ పర్సంటైల్స్ మధ్యలో పట్టుకుంటే చాలు అనుకుంటే `d` 0.05, అప్పుడు 385 మంది. (ఎన్నికల సర్వేల్లో కనిపించే 385 కూడా ఇదే, ఎందుకంటే రెండూ బొమ్మా బొరుసు లెక్కే.) కానీ 45వ పర్సంటైల్‌కీ 55వ పర్సంటైల్‌కీ మధ్య ఎన్ని నిమిషాలు ఉన్నాయో ఫార్ములాకి తెలీదు, ఆ చుట్టుపక్కల పేషెంట్లు దగ్గరదగ్గరగా ఉన్నారా పలచగా ఉన్నారా అన్న దాని మీద ఆధారపడుతుంది. నార్మల్ అనుకునేవాళ్లు ఈ పలచదనాన్ని ఊహించేస్తారు, మనం పైలట్‌లోంచి చదువుకుంటాం. పైలట్ ఉపయోగం ముఖ్యంగా ఇదే.

మీ మీడియన్ నుంచి మొదలెడదాం. 34కి 5 కిందకి అంటే 29, అది మీ 25వ విలువ, 60లో 25 అంటే 0.417. కాబట్టి కింద వైపు `d` 0.083 దాకా ఉండొచ్చు, దానికి 139 మంది చాలు. పైకి 39, అది 34వ విలువ, 0.567, పై వైపు `d` 0.067 మాత్రమే, దానికి 217 మంది కావాలి. రెండు వైపులా మాట నిలబడాలంటే పెద్దది తీసుకోవాలి, 217. 90వ పర్సంటైల్‌కి ఇదే పద్ధతి: 88కి 10 కిందకి 78, అది 52వ విలువ, 0.867, `d` 0.033, దానికి 312 మంది. 10 పైకి 98, అది 55వ విలువ 94కీ 56వ విలువ 101కీ మధ్యలో పడుతుంది, ర్యాంక్ సుమారు 55.6, అంటే 0.926, `d` 0.026, దానికి దాదాపు 504 మంది. ఎప్పుడూ పలచగా ఉన్న వైపే శాంపిల్ సైజ్ డిసైడ్ చేస్తుంది, మన డేటాలో అది పై వైపు.

సో 48 కాదు, 504. ఈ 504ని కూడా శిలాశాసనం అనుకోకండి, అది 94, 101 అనే రెండే రెండు విలువల మధ్య గ్యాప్ మీద నిలబడి ఉంది, ఆ రెండిట్లో ఒక పేషెంట్ మారితే 400 అవ్వొచ్చు, 700 అవ్వొచ్చు. నేనైతే ఇలాంటి చోట 20, 30 శాతం పైన వేసుకుంటా. లేదంటే రెండు దశల్లో చేయొచ్చు, ముందు 200 మందిని కొలిచి గ్యాపులు మళ్లీ చదివి ఫైనల్ నంబర్ ఫిక్స్ చేసుకోవడం. కానీ ఆ నంబర్ ఒక్కసారి ఫిక్స్ అయ్యాక అక్కడిదాకా వెళ్లాల్సిందే. రోజూ సాయంత్రం ఇంటర్వల్ వేసి చూసుకుని, ఇరుకుగా కనిపించిన రోజు ఆపేయడం మాత్రం చేయొద్దు, అలా ఆపితే అదృష్టం కొద్దీ ఇరుకైన రోజే ఆపుతాం, చెప్పిన 95 శాతం నిజంగా ఉండదు.

ఇంతవరకు ఈజీ పార్ట్. మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట "మూడు రోజులు, రోజుకి 20 మంది". పైన చేసిన లెక్కంతా ప్రతి పేషెంట్ వేరే నాణెం అనుకుని చేసింది. ఓపీలో అలా ఉండదు. డాక్టరుగారు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కుని 40 నిమిషాలు లేటుగా వచ్చారంటే ఆ రోజు ఇరవై మందికీ ఒకేసారి లేటు, అవి ఇరవై నాణేలు కాదు, ఒకే నాణేన్ని ఇరవైసార్లు చూసినట్టు. నేను చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి రిపోర్ట్ టైమ్ లెక్క చేసిపెట్టా, 300 శాంపిల్స్, అన్నీ ఒకే వారంలో, ఇంటర్వల్ ముచ్చటగా ఇరుగ్గా వచ్చింది. ఆ వారంలో రెండు రోజులు ఒక మెషీన్ ఆగిపోయిందని తర్వాత తెలిసింది, నెల తర్వాత మళ్లీ కొలిస్తే కొత్త 90వ పర్సంటైల్ నా ఇంటర్వల్‌కి ఆమడ దూరంలో ఉంది. సంఖ్య పెద్దదే, రోజులే తక్కువ.

దీన్ని కొలిచే పద్ధతి డిజైన్ ఎఫెక్ట్, `1 + (m-1)*rho`. `m` అంటే ఒక్కో సెషన్‌లో ఎంతమందిని కొలుస్తున్నారు, `rho` అంటే ఒకే సెషన్ వాళ్లు ఒకరితో ఒకరు ఎంత కలిసి కదులుతారు. ఇక్కడ `rho` నిమిషాల మీద వేసేది కాదు, "90వ పర్సంటైల్ దాటాడా లేదా" అన్న అవును కాదు మీద వేయాలి, మన లెక్క దాని మీదే కదా నడుస్తోంది. మూడు సెషన్లతో `rho` నమ్మకంగా రాదు, అందుకని ఉదాహరణకి 0.1 అనుకుందాం, అది చిన్నగానే కనిపిస్తుంది. `m` 20 అయితే డిజైన్ ఎఫెక్ట్ 2.9. అంటే మీ 60 మంది నిజానికి 21 మంది విడి పేషెంట్లంత సమాచారమే ఇస్తున్నారు, 68 నుంచి 155 అన్న ఇంటర్వల్ కూడా ఆశావాదమే అన్నమాట. ఇదే పద్ధతిలో సెషన్‌కి 20 మంది చొప్పున కొలుస్తూ పోతే 504 కాదు, 1462 మంది కావాలి.

సెషన్‌కి 5 మందినే కొలిస్తే? డిజైన్ ఎఫెక్ట్ 1.4, మొత్తం 706 మంది, సుమారు 141 సెషన్లు. మనుషుల సంఖ్య సగానికి పైగా తగ్గింది, కాకపోతే ఎక్కువ సెషన్లకి వెళ్లాలి. మీ ఓపీలో నలుగురు డాక్టర్లు పొద్దున, సాయంత్రం కూర్చుంటారనుకోండి, 26 పని రోజుల్లో 208 సెషన్లు అవుతాయి, వాటిల్లో 141 ర్యాండమ్‌గా ఎంచుకుంటే ఒక నెలలో అయిపోతుంది, సోమవారం రద్దీ, శనివారం రద్దీ అన్నీ వచ్చేస్తాయి. సెషన్‌లో ఆ ఐదుగురిని ఎంచేటప్పుడు మొదటి ఐదు టోకెన్లు పట్టుకోవద్దు, మీ స్టాఫ్ కచ్చితంగా అదే చేస్తారు, ఎందుకంటే తొందరగా పనైపోతుంది. మొదటి టోకెన్ల వాళ్లు డాక్టర్ రాక కోసం ఆగుతారు, చివరి వాళ్లు పేరుకుపోయిన క్యూ కోసం ఆగుతారు, రెండూ వేర్వేరు కథలు. 30 టోకెన్లుంటే 1 నుంచి 6 లోపల ఒక నంబర్ చీటీ తీసి అక్కడి నుంచి ప్రతి ఆరో టోకెన్.

డేటా వచ్చాక ఇంటర్వల్ వేసేటప్పుడు 706 పెట్టి బైనామియల్ వేయకూడదు, అది మళ్లీ అబద్ధపు ఇరుకు. ముందు వచ్చిన డేటాలోంచి అసలు డిజైన్ ఎఫెక్ట్ లెక్కేయండి, ఇప్పుడు 141 సెషన్లు ఉన్నాయి కాబట్టి వస్తుంది. అది 1.4 దగ్గరే ఉంటే మన చేతిలో ఉన్నది 504 మందితో సమానం, `d` 0.026, కాబట్టి 0.874, 0.926 దగ్గర విలువలు చదవండి, 706 విలువలు పేరిస్తే 617వదీ 654వదీ. ఇలా ముందు శాతంలో ఇంటర్వల్ వేసి తర్వాత దాన్ని నిమిషాల్లోకి దింపే పద్ధతి 1952లో వుడ్రఫ్ సర్వే డేటా కోసం పెట్టింది, ఇప్పటికీ సర్వే సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది.

ఇంకొక చిక్కు ఉంది, విసుగొచ్చి డాక్టర్‌ని చూడకుండానే వెళ్లిపోయినవాళ్లు. వీళ్లని లిస్టులోంచి తీసేస్తే మీ 90వ పర్సంటైల్ అందంగా తగ్గిపోతుంది, ఎందుకంటే ఎక్కువసేపు ఆగినవాళ్లే వెళ్లిపోతారు. తీసేయకండి. 50 నిమిషాలు ఆగి వెళ్లిపోయినవాడు మీడియన్ లెక్కలో "పైన" అంతే, ఎంత పైన అన్నది అనవసరం, అందుకే మీడియన్‌కి ఇబ్బంది లేదు, సగటుకైతే ఇక్కడే చేతులెత్తేయాలి. కానీ 90వ పర్సంటైల్ దగ్గర అతను ఉండి ఉంటే 88 దాటేవాడా లేదా మనకి తెలీదు. అలాంటప్పుడు రెండుసార్లు లెక్కేయండి, ఒకసారి అందర్నీ దాటినట్టు, ఒకసారి వెళ్లిపోయిన క్షణమే పిలుపొచ్చినట్టు. 706 మందిలో 20 మంది ఇలా వెళ్లిపోతే అది 2.8 శాతం, మనం ఇంత కష్టపడి తెచ్చుకున్న `d` 2.6 శాతం. అంటే వాళ్ల సంగతి తేల్చకుండా శాంపిల్ ఇంకా పెంచినా ఉపయోగం లేదు, ఆ డబ్బుతో వెళ్లిపోయినవాళ్ల టైమ్ రాసుకునే మనిషిని పెట్టుకోవడం మేలు. మీ టోకెన్ సిస్టమ్‌లో రెండు టైమ్‌లూ ఆటోమేటిక్‌గా పడుతుంటే అసలు శాంపిల్ గొడవే లేదు, నెల మొత్తం తీసేసుకోండి, కాకపోతే సిస్టర్ పిలుపు బటన్ పేషెంట్ లోపలికి వెళ్లాక నొక్కుతుందా ముందే నొక్కేస్తుందా ఒక రోజు పక్కన నిలబడి చూడండి. చేత్తో రాస్తే మాత్రం అన్నీ 5, 10 మీద ముగుస్తాయి, ఒకే విలువ పదిసార్లు వస్తుంది, దానివల్ల గ్యారంటీ పోదు గానీ పైలట్‌లో గ్యాపులు చదవడం కష్టమవుతుంది, నిమిషం దాకా రాయమనండి.

మీ పైవాళ్లు రేపు "90వ పర్సంటైల్ 90 నిమిషాల లోపే ఉందని నిరూపించు చాలు" అనొచ్చు, అప్పుడు ఎవరో ఒకరు 29 మంది చాలు అంటారు. అది తప్పు కాదు, 29 మందీ 90 లోపే ఉంటే 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, 0.9ని 29 సార్లు గుణిస్తే 0.05 కన్నా తక్కువ. (న్యూక్లియర్ రియాక్టర్ సేఫ్టీ లెక్కల్లో 95వ పర్సంటైల్‌కి వాడే 59 కూడా ఇలాగే వచ్చింది, 1941 నాటి విల్క్స్ ఆలోచన.) కానీ ఒక్కరు దాటినా ఫెయిల్. మీ ఓపీ నిజంగా బాగుండి 95 శాతం మంది 90 లోపే వెళ్తున్నా, 29 మందీ లోపే ఉండే ఛాన్స్ 23 శాతమే, నాలుగింట మూడుసార్లు మంచి ఓపీ కూడా ఫెయిల్ అవుతుంది. ఒకరు దాటినా పర్వాలేదు అనే వెర్షన్‌కి 46 మంది కావాలి. పైగా ఇవన్నీ విడి విడి పేషెంట్లకి, ఒకే సెషన్‌లో 29 మందిని కొలిస్తే ఏమవుతుందో పైన చూశాం.

ముందు ఒక పని చేయండి, పెద్దగా టైమ్ పట్టదు. ఆ చివరి పన్నెండు విలువల పక్కన ఏ రోజువో రాయండి. రోజుకి నాలుగు చొప్పున పడితే సెషన్ ఎఫెక్ట్ మరీ పెద్దది కాకపోవచ్చు, తొమ్మిదో పదో ఒకే రోజువైతే `rho` 0.1 కన్నా బాగా ఎక్కువ, అప్పుడు సెషన్‌కి 5 కూడా ఎక్కువే, 2 లేదా 3కి దిగాలి. ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి, దాన్ని బట్టి 706ని మళ్లీ లెక్కేద్దాం.